కాంటాక్ట్స్, లొకేషన్, కెమెరా: నా ఫోన్‌లో ఏ యాప్‌కు ఏది ఉంచాను, ఏది తీసేశాను

ఖమ్మంలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. నా ఫోన్‌లో తొమ్మిది వందల దాకా నంబర్లున్నాయి. వాటిలో చుట్టాలవి వందకు మించవు, మిగతావన్నీ నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లవి. గుర్తు కోసం పేరు పక్కన వీధి పేరు, ఒక్కోసారి ఇంట్లో పెళ్లి తేదీ కూడా రాసి సేవ్ చేస్తాను. ఈ జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫోన్‌లో ఇచ్చి ఉన్న పర్మిషన్లన్నీ కూర్చుని చూశాను. ఏ యాప్‌కు ఏది నిజంగా కావాలో, ఏది తీసేసినా పని ఆగదో వాడి చూసి తేల్చుకున్నాను. నాది ఆండ్రాయిడ్ 14 ఫోను. మీది వేరే కంపెనీదైతే మెనూలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి కానీ పని ఇదే.

ఇదంతా మొదలవడానికి కారణం సంక్రాంతి అయిన వారం, జనవరి 19న వచ్చిన ఒక ఫోన్ కాల్. అవతల ఎవరో మగమనిషి మా పిన్ని కొడుకు పేరు చెప్పి, ‘అతను తీసుకున్న లోన్‌కు మీరు రిఫరెన్స్ మేడమ్, మీరే కట్టించాలి’ అన్నాడు. నేను ఎవరికీ ఏ రిఫరెన్సూ ఇవ్వలేదు. ఆ మాటే చెబితే గొంతు పెంచాడు. కాసేపటికే మా పెద్దమ్మకూ, మా తమ్ముడి అత్తగారికీ కూడా అదే కాల్. సాయంత్రం మా పిన్ని కొడుకు ఏడుస్తూ ఫోన్ చేశాడు. ‘అక్కా, మెసేజ్‌లో వచ్చిన లింక్‌తో యాప్ దించుకుని ఆరు వేలు తీసుకున్నా. కాంటాక్ట్స్ అడిగితే అలో కొట్టా. అనుమానం వచ్చి వారం కిందటే ఆ యాప్ తీసేశా, అయినా అందరికీ చేస్తున్నారు’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి మీద కోపం రాలేదు, భయం వేసింది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్ వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్న వార్తలు నాకు బాగా గుర్తున్నాయి. మర్నాడు పొద్దున్నే వాడిని కూర్చోబెట్టి cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయించాను, కాల్ వచ్చిన నంబర్లు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పెట్టించాను. కాల్స్ వెంటనే ఆగలేదు, తగ్గుతూ తగ్గుతూ నెలాఖరుకు ఆగాయి. కానీ నా మనసులో తిరుగుతున్నది వేరు. వాడు యాప్ తీసేశాడు కదా, మరి మా నంబర్లు వాళ్ల దగ్గర ఎలా ఉన్నాయి? ఫోన్ల రిపేర్ షాపు నడిపే మా మేనబావ జవాబు చెప్పాడు. కాంటాక్ట్స్ పర్మిషన్ ఇచ్చిన నిమిషంలోనే యాప్ ఆ జాబితా మొత్తం చదివి తన సర్వర్‌కు పంపేసుకోవచ్చు. తర్వాత పర్మిషన్ తీసేసినా, యాప్‌నే తీసేసినా వెళ్లిన జాబితా వెళ్లినట్టే. పాలు పొంగిపోయాక స్టవ్ కట్టేసినట్టు.

అందుకే చూడాల్సిన మూడింటిలో కాంటాక్ట్స్‌తోనే మొదలుపెట్టాను. జనవరి 25, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాను.

సెట్టింగ్స్‌లో ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు గడిలో Permission manager అని కొడితే చాలు, వచ్చేస్తుంది. లోపల కెమెరా, లొకేషన్, కాంటాక్ట్స్ అని విడివిడిగా ఉంటాయి. కాంటాక్ట్స్ నొక్కితే పైన అనుమతి ఉన్న యాప్‌లు, కింద లేనివి. నాకు పెద్ద ఆశ్చర్యం అక్కడే కలిగింది. పై జాబితా స్క్రీన్‌లో పట్టలేదు. ఫోన్ యాప్, మెసేజ్‌ల యాప్, వాట్సాప్ ఉంటాయని తెలుసు. కానీ పెళ్లి కార్డులు డిజైన్ చేసే యాప్, సూరత్ చీరలు హోల్‌సేల్‌లో తెప్పించుకునే యాప్, ఫోటోలు కలిపి కొలాజ్ చేసేది, మా అబ్బాయి వేసిన ఒక ఆట, రెండు షాపింగ్ యాప్‌లు, పేమెంట్ యాప్, తెలియని నంబర్ ఎవరిదో చూపించే యాప్, అన్నీ వరసగా ఉన్నాయి. నన్ను నమ్మి నంబరిచ్చిన వాళ్లందరి వివరాలూ ఇన్నిచోట్లకు తెరిచి ఉన్నాయంటే కడుపులో తిప్పినట్టయింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. లొకేషన్‌కు, కెమెరాకు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’, ‘ప్రతిసారీ అడుగు’ అనే మధ్య దారులున్నాయి. కాంటాక్ట్స్‌కు నా ఫోన్‌లో అలాంటివేమీ లేవు. ఇస్తే మొత్తం, లేకపోతే ఏమీ లేదు. మా ఆడపడుచు ఐఫోన్‌లో మాత్రం ఐఓఎస్ 18 నుంచి ఎంచుకున్న కొన్ని నంబర్లు మాత్రమే యాప్‌కు ఇచ్చే వీలు ఉంది. తన ఫోన్‌లో అది చూసి నిజంగా అసూయ పడ్డాను.

ఒక్కో యాప్‌కు వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ యాప్‌తో నేను చేసే పనిలో నా మనుషుల పేర్లు ఎక్కడ అవసరం? పెళ్లి కార్డులకు, కొలాజ్‌కు, ఆటకు ఎక్కడా అవసరం లేదు. తీసేశాను, ఏమీ కాలేదు. షాపింగ్ యాప్‌లకు కూడా అంతే. చీరల హోల్‌సేల్ యాప్ మాత్రం తెరవగానే మళ్లీ అడిగింది, వద్దన్నాను. మర్నాడు ఇంకోసారి అడిగింది, మళ్లీ వద్దన్నాను. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే పర్మిషన్‌ను రెండుసార్లు వద్దంటే ఫోన్ ఇక ఆ యాప్‌ను అడగనివ్వదట. నిజంగానే ఆగింది. కానీ దాని బదులు ఆ యాప్ సొంతంగా ఒక పేజీ తయారుచేసి ‘సెట్టింగ్స్‌కు వెళ్లి ఆన్ చేయండి, స్నేహితులను పిలిస్తే వంద రూపాయలు’ అని చూపించడం మొదలుపెట్టింది. అది ఫోన్ అడుగుతున్నది కాదు, యాప్ వేసుకున్న బొమ్మ. మూలన ఉన్న చిన్న ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. చీరల ఆర్డర్ ఎప్పటిలాగే వెళ్లింది, బిల్లులో తేడా ఏమీ లేదు.

పేమెంట్ యాప్ దగ్గర కాసేపు ఆలోచించాను. డబ్బు పంపేటప్పుడు పేరు కొట్టగానే మనిషి రావడానికి అది కాంటాక్ట్స్ చూస్తుంది. తీసేస్తే పేరుతో వెతకడం పోయింది కానీ నంబర్ కొట్టి పంపడం, క్యూఆర్ స్కాన్ చేయడం రెండూ పోలేదు. ఇంతకుముందు పంపినవాళ్లు పాత లావాదేవీల్లో అలాగే ఉన్నారు. నేను డబ్బు పంపేది దారాల షాపుకు, మగ్గం వర్క్ చేసే ఆవిడకు, ఇంకో నలుగురైదుగురికి. కొత్తవాళ్లకు నంబర్ కొడితే బ్యాంకులో ఉన్న పేరు వస్తుంది, అది చూసే పంపుతున్నాను. నేను సేవ్ చేసుకున్న ముద్దుపేరు కన్నా ఆ పేరు చూసుకోవడమే మేలనిపించింది.

వాట్సాప్ సంగతి వేరు. పట్టుదలకు పోయి దానికి కూడా తీసేశాను. రెండు రోజుల్లో విసిగిపోయాను. చాట్లలో పేర్లు పోయి నంబర్లు మిగిలాయి. ‘అక్కా, నా బ్లౌజు ఎప్పుడిస్తారు?’ అని మెసేజ్ వస్తే ఎవరి బ్లౌజో తెలియదు. నా పనంతా అక్కడే నడుస్తుంది కాబట్టి తిరిగి ఇచ్చేశాను. ఇక్కడ అవసరం నిజమైనది. దాన్ని కాదని ఇబ్బంది పడటంలో అర్థం లేదు.

నంబర్ ఎవరిదో చూపించే యాప్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే దాన్ని మా ఇంట్లో అందరూ వాడుతున్నాం. తెలియని నంబర్‌కు అది పేర్లు ఎక్కడి నుంచి తెస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. మా మేనబావ ఫోన్‌లోని అలాంటి యాప్‌లో నా నంబర్ కొట్టి చూశాం. ‘టైలర్ అక్క ఖమ్మం’ అని వచ్చింది. నేను ఎక్కడా అలా పెట్టుకోలేదు. మరి అది ఎవరో కస్టమర్ తన ఫోన్‌లో నన్ను సేవ్ చేసుకున్న పేరై ఉండాలి. నా యాప్‌కు ఉన్న అనుమతితో నా ఫోన్‌లోని పేర్లు, వీధులు, పెళ్లి తేదీలు కూడా అలాగే ఇంకెక్కడైనా కనబడొచ్చన్న ఆలోచనకే ఒళ్లు జలదరించింది. ఆ యాప్‌ను ఉత్తగా తీసేస్తే సరిపోదు. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా రద్దు చేయాలి, తర్వాత వాళ్ల సైట్‌లో నంబర్ ఇచ్చి జాబితా నుంచి తొలగించమని అడగాలి. ఖాతా ఉండగా తొలగింపు ఒప్పుకోదు, ఆ వరస తెలియక కాసేపు తికమక పడ్డాం. మర్నాటికి వెతికితే నా పేరు రాలేదు. స్పామ్ కాల్స్ సంగతి ఏంటని మా ఆయన అడిగారు. ఫోన్ యాప్‌లోనే స్పామ్ కాల్స్‌ను గుర్తించే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేశాం. తెలియని నంబర్లన్నిటికీ పేరు రాదు, నిజమే. ఆ మాత్రం లోటుకు ఒప్పుకున్నాను.

ఇక ఇప్పటికే వెళ్లిపోయినవి. కొన్ని యాప్‌లు మనం పంపిన జాబితాను చెరిపే వీలు ఇస్తాయి, కానీ అది ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండదు, యాప్ లోపల ఉంటుంది. టెలిగ్రామ్‌లో ప్రైవసీ సెట్టింగ్స్ కిందికి వెళ్తే Delete Synced Contacts అని ఉంది. అక్కడ వరస ముఖ్యం. సింక్ ఆపి, ఫోన్‌లో పర్మిషన్ తీసేసి, ఆ తర్వాత చెరపాలి. సింక్ ఆన్‌లోనే ఉంచి చెరిపితే జాబితా మళ్లీ ఎక్కేస్తుంది. ఫోటోలు, రీల్స్ చూసే యాప్‌ల్లో కూడా కాంటాక్ట్స్ అప్‌లోడ్ అనే మాట వెతికి, దొరికినచోటల్లా ఆపి చెరిపాను. ఆ సాయంత్రమంతా దీనికే పట్టింది. పెళ్లి కార్డుల యాప్ లాంటి వాటిలో చెరిపే దారే కనబడలేదు. వాళ్ల సహాయ విభాగానికి మెయిల్ పెట్టాను, ఒకరి నుంచి మూడు వారాలకు జవాబొచ్చింది, మిగతావాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు.

ఆ మధ్యలో నా కస్టమర్ ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చారు, ఆవిడ లాయరు. మాటల్లో ఈ సంగతి వస్తే రెండు విషయాలు చెప్పారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌లోనే మార్గదర్శకాలిచ్చింది. కెమెరా, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మనం ఒప్పుకుంటేనే. 2023లో ప్లే స్టోర్ కూడా లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు అడగకూడదని నియమం పెట్టింది. మా పిన్ని కొడుకు దించుకున్నది లింక్ నుంచి కాబట్టి ఆ వడపోతే దానికి లేదు. ఆవిడ చెప్పిన రెండో సంగతి నాకు ఇంకా నచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే ఒక ఉదాహరణ రాసి ఉందట. ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడించే యాప్ ఒకటి వైద్యం కోసం వివరాలతో పాటు కాంటాక్ట్స్ కూడా అడిగింది, మనిషి రెంటికీ ఒప్పుకుంది. కానీ వైద్యానికి కాంటాక్ట్స్ అవసరం లేదు కాబట్టి, ఆమె ఒప్పుకున్నది వైద్యానికి కావలసిన వివరాలకే అని చట్టం లెక్క కడుతుంది. నేను వేసుకున్న ప్రశ్న చట్టంలో కూడా ఉందని తెలిసి ధైర్యం వచ్చింది.

తర్వాతి ఆదివారం, ఫిబ్రవరి 1న లొకేషన్ పట్టుకున్నాను. ఇక్కడ ప్రశ్న మారింది. ఎవరికివ్వాలి అన్నదానికన్నా ఎప్పుడివ్వాలి, ఎంత కచ్చితంగా ఇవ్వాలి అన్నదే అసలు విషయం.

లిస్టులో పైన Allowed all the time అనే వరస ఉంటుంది. ముందుగా చూడాల్సింది అదే, ఎందుకంటే ఆ యాప్‌లు ఫోన్ సంచిలో ఉన్నా మనం ఎక్కడున్నామో తెలుసుకోగలవు. నా ఫోన్‌లో అక్కడ వాతావరణం యాప్, ఒక షాపింగ్ యాప్, చేతికి పెట్టుకునే బ్యాండ్ యాప్ ఉన్నాయి. పోయిన ఫోన్‌ను వెతికే గూగుల్ సదుపాయానికి ఎప్పుడూ లొకేషన్ ఉండాల్సిందే, దాన్ని ముట్టుకోలేదు. షాపింగ్ యాప్‌కు ఎప్పుడూ ఎందుకు? పూర్తిగా తీసేశాను. చిరునామా ఎలాగూ సేవ్ చేసే ఉంది. పార్సిల్ ఎప్పటిలాగే వచ్చింది.

వాతావరణం యాప్ లోపలికి వెళ్తే కింద Use precise location అనే బటన్ ఉంది. అది ఆపితే యాప్‌కు మన ఇల్లు తెలియదు, సుమారు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే తెలుస్తుంది. ఖమ్మంలో నా వీధికీ పక్క వీధికీ ఎండలో తేడా ఉండదు కదా. దాన్ని ఆపి, ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టాను. అయితే హోమ్ స్క్రీన్ మీద ఉండే వాతావరణం గడి మారడం మానేసింది. ఎందుకంటే యాప్ తెరవకుండా లొకేషన్ చూసే హక్కు ఇప్పుడు దానికి లేదు. యాప్‌లో ఊరి పేరు ఖమ్మం అని రాసి పెట్టేసరికి అదీ సర్దుకుంది.

అదే బటన్ ఆటో బుక్ చేసే యాప్‌లో ఆపితే ఏమవుతుందో అనుభవించాను. హైదరాబాద్ వెళ్లినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెటీరియల్ కొని, రెండు చేతుల్లో సంచులతో రోడ్డు పక్కన నిలబడి ఆటో బుక్ చేశాను. యాప్ నన్ను ఎక్కడో నాలుగు సందుల అవతల చూపించింది. డ్రైవర్ అక్కడికి వెళ్లి, నేను లేనని ఫోన్ చేసి, చివరికి విసుగ్గా క్యాన్సిల్ చేసుకున్నాడు. పాపం ఆయన తప్పేమీ లేదు. అక్కడే నిలబడి ఆ బటన్ మళ్లీ ఆన్ చేశాను. మనిషి మన దగ్గరికి వచ్చి నిలబడాల్సిన యాప్‌కు కచ్చితమైన లొకేషన్ ఇవ్వాల్సిందే. కాకపోతే వాడుతున్నప్పుడు మాత్రమే. టిఫిన్లు తెప్పించే యాప్‌కు మాత్రం ఇంటి చిరునామా, మ్యాప్‌లో గుర్తు ఒకసారి పెట్టాక లొకేషన్ లేకున్నా సరిపోయింది. ‘మీరు ఈ చిరునామాకు దూరంగా ఉన్నారేమో చూసుకోండి’ అని హెచ్చరిస్తుంది, అంతే.

పేమెంట్ యాప్‌కు లొకేషన్ తీసేస్తే అసలు లోపలికే వెళ్లనివ్వలేదు. మొదట చిరాకు పడ్డాను. అప్పుడు లొకేషన్ ఇచ్చి, కచ్చితత్వం మాత్రం ఆపి చూశాను. నాకు పనిచేసింది, ఇప్పటికీ అలాగే వాడుతున్నాను.

బ్యాండ్ సంగతి తెలుసుకోవడం నాకు చాలా నచ్చింది. అడుగులు లెక్కపెట్టే బ్యాండ్‌కు నేను ఎక్కడున్నానో ఎందుకని మా మేనబావను అడిగాను. పాత ఆండ్రాయిడ్‌లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే యాప్‌కు లొకేషన్ పర్మిషన్ తప్పనిసరి. అందుకే ఇయర్‌బడ్స్, బ్యాండ్లు, ప్రింటర్ల యాప్‌లన్నీ అది అడిగేవి. ఆండ్రాయిడ్ 12లో ఆ పని కోసం Nearby devices అని వేరే పర్మిషన్ వచ్చింది. నా బ్యాండ్ యాప్‌కు అది ఇచ్చే ఉంది. అందుకని లొకేషన్ తీసేసి, సాయంత్రం లకారం చెరువు గట్టు మీద నడిచి వచ్చి చూశాను. అడుగులు, గుండె వేగం అన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. నడిచిన దారి గీత మాత్రం మ్యాప్‌లో రాలేదు. రోజూ ఒకే దారిలో నడిచేదాన్ని, ఆ గీతతో నాకు పని లేదు. మీరు పరుగుకో సైకిల్‌కో దారి చూసుకునేవాళ్లైతే ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఉంచుకోండి.

లొకేషన్ లిస్టులో ఇంకొకటి ఉంది, కెమెరా యాప్. కొత్త డిజైన్ కుట్టగానే కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఫోటో తీస్తాను. గ్యాలరీలో అలాంటి బ్లౌజు ఫోటో ఒకటి తెరిచి, వివరాలు చూద్దామని పైకి జరిపాను. తేదీ, ఫైల్ సైజు, వాటి కింద చిన్న మ్యాపు, ఆ మ్యాపులో మా ఇంటి మీద సరిగ్గా ఒక గుర్తు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ వివరం పోతుంది. కానీ ఎంబ్రాయిడరీ స్పష్టంగా కనబడాలని నేను డాక్యుమెంట్‌గా పంపుతుంటాను. అలా పంపినప్పుడు ఫైల్‌తో పాటు ఆ వివరం కూడా వెళ్లొచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫోటోలకు లొకేషన్ జోడించే బటన్ ఆపేశాను. ఇది ఇక మీద తీసే ఫోటోలకే వర్తిస్తుంది, పాతవాటిలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అందుకే పాత డిజైన్లు ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపడం మానేశాను.

కెమెరా పర్మిషన్ గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఉండేది, కానీ తక్కువ సమయం పట్టింది అదే. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్ మన కళ్లముందు తెరిచి లేకుండా వెనకాల ఉండి కెమెరా వాడలేదు. 12 నుంచి కెమెరా నడుస్తున్నప్పుడల్లా స్క్రీన్ పైన కుడి మూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. వీడియో కాల్ చేసే వాట్సాప్‌కు, క్యూఆర్ చూసే పేమెంట్ యాప్‌కు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ ఉంచాను. బ్యాంకు యాప్‌కు కేవైసీ అప్పుడు తప్ప కెమెరాతో పని లేదు, దానికి ‘ప్రతిసారీ అడుగు’ అని పెట్టాను. షాపింగ్, కొలాజ్, పెళ్లి కార్డుల యాప్‌లకు తీసేశాను. గ్యాలరీలో ఉన్న ఫోటో ఎక్కించడానికి కెమెరా పర్మిషన్ అక్కర్లేదు, కొలాజ్ మామూలుగానే వచ్చింది.

తర్వాత ఒక వారం ఏమీ మార్చకుండా, రోజూ రాత్రి ప్రైవసీ డాష్‌బోర్డ్ మాత్రం చూశాను. Permission manager దగ్గరే ఉంటుంది, ఏ యాప్ ఎన్ని గంటలకు కెమెరా, లొకేషన్ వాడిందో వరసగా చూపిస్తుంది. మొదటి రాత్రి గూగుల్ ప్లే సర్వీసెస్ పేరుతో లొకేషన్ చాలాసార్లు కనబడి టెన్షన్ పడ్డాను. ఫోన్‌లో లొకేషన్ కనుక్కునే పని చాలావరకు దాని ద్వారానే జరుగుతుందని మా మేనబావ చెప్పాక ఊరుకున్నాను. మిగతా రోజుల్లో నేను యాప్ తెరిచిన వేళలు తప్ప వేరేవి రాలేదు. మా అబ్బాయి ఎప్పుడో వేసి వదిలేసిన ట్యూషన్ యాప్‌కు పర్మిషన్లు వాటంతట అవే పోయి ఉన్నాయి. కొన్ని నెలలు తెరవని యాప్‌ల నుంచి ఫోనే వెనక్కి తీసుకుంటుంది. యాప్ వివరాల పేజీ అడుగున Pause app activity if unused ఆన్‌లో ఉంటే జరిగేది అదే.

ఖర్చు ఏమీ కాలేదు. రెండు ఆదివారాలు, కొన్ని సాయంత్రాలు పోయాయి. తెగని చిక్కు ఒక్కటే మిగిలింది, మా అబ్బాయి స్కూల్ యాప్. హోంవర్క్, ఫీజు రసీదులు అందులోనే వస్తాయి. కాంటాక్ట్స్ ఇవ్వకపోతే మొదటి పేజీ దాటనివ్వదు. ఫిబ్రవరి 9న స్కూల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే, యాప్ తయారుచేసినవాళ్లకు చెబుతామన్నారు, మంచిగానే మాట్లాడారు. పది రోజులు ఆగి మళ్లీ వెళ్లాను, ఇంకా ఏమీ తెలియదన్నారు. ఈలోగా బీరువాలో పడి ఉన్న నా పాత ఫోన్ బయటికి తీశాను. అందులో సిమ్ లేదు. మొత్తం రీసెట్ చేసి, కొత్త గూగుల్ ఖాతాతో తెరిచాను కాబట్టి ఒక్క నంబర్ కూడా లేదు. స్కూల్ యాప్ అందులో వేసి, అడిగిన పర్మిషన్ ఇచ్చేశాను. ఇంటి వైఫైకి కలిపి టీవీ పక్కన పెట్టాం. రోజూ సాయంత్రం మా అబ్బాయి హోంవర్క్ అందులోనే చూసుకుంటున్నాడు. స్కూల్ వాళ్లు యాప్ మార్చేదాకా ఇలాగే నడుపుతాను.